ముదురు రంగుల ప్రింట్లు, మెలికలు తిరిగే పేపరు: ఇంక్ ట్యాంక్ ప్రింటర్ వాడకందారు సమీక్ష

పిల్లల చార్టులు, ఫ్లాష్ కార్డులు ఇంట్లోనే ప్రింట్ చేసి కూకట్‌పల్లి చుట్టుపక్కల ప్లే స్కూళ్లకు ఇస్తుంటాను. చాలా ఏళ్లుగా ఇంక్ ట్యాంక్ ప్రింటరే వాడుతున్నాను. రంగుల విషయంలో, ఖర్చు విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు. పేపరు అలలు అలలుగా లేవడం, అంచులు చుట్టుకుపోవడం మాత్రం నన్ను బాగా విసిగించిన సమస్య. ఇన్నాళ్లు వాడాక నాకు తేలింది ఏమిటంటే, ఇందులో ప్రింటర్ వాటా కొంచెమే. పేపరు ట్రేలోకి వెళ్లేముందు ఎంత తేమ పీల్చుకుని ఉందన్నదే అసలు విషయం.

ఈ ప్రింటర్ల రంగు ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. కాగితంలోని పోగు నీరు తగిలితే ఉబ్బుతుంది, అదీ పొడవులో కాదు, ఎక్కువగా అడ్డంగా ఉబ్బుతుంది. వానాకాలంలో చెక్క తలుపు బిగుసుకుపోయేదీ ఇందుకే. సౌరమండలం చార్టులో బ్యాక్‌గ్రౌండ్ అంతా ముదురు నీలం, చుట్టూ తెల్లటి మార్జిన్. నీలం పడినంత మేరా కాగితం సాగుతుంది, మార్జిన్ మాత్రం సాగదు. సాగిన భాగానికి పక్కకి చోటు లేక పైకి లేస్తుంది. అవే ఆ అలలు.

చుట్టుకోవడం దీనికంటే వేరు. షీటు బయటికి రాగానే ఇంకు పడిన వైపు పైకి ఉబ్బినట్టు వంగి ఉంటుంది, ఎందుకంటే ఆ వైపే తడిసి సాగింది. మర్నాటికి తిరగబడి, మూలలు బొమ్మ వైపుకే లేస్తాయి. మిల్లులో కాగితాన్ని లాగి పట్టి ఆరబెడతారు కాబట్టి పోగుల్లో ఒక బిగువు ఉండిపోతుంది. నీరు తగిలితే ఆ బిగువు వదులుతుంది, మళ్లీ ఆరేటప్పుడు ఆ వైపు మునుపటికంటే ఎక్కువ ముడుచుకుంటుంది. ప్రింట్ ఆరాక వంగింది కదా అని పేపరు కంపెనీని తిట్టుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇక మన ఊరి వాతావరణం. నాలుగైదు వందల రూపాయల్లో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతాయి. ఈ పని చేసేవాళ్లకి ప్రింటర్ తర్వాత కొనాల్సిన వస్తువు అదే. మా గదిలో తేమ ఆగస్టు వాన రోజుల్లో 80 శాతం దాటుతుంది, మే మధ్యాహ్నాల్లో 30 కిందికి పడిపోతుంది. పేపరుకి హాయిగా ఉండేది 45 నుంచి 55 మధ్య. ఎండాకాలంలో మరో చిక్కుంది. బయట గాలి పొడిగా ఉన్నా, ఇంట్లో కూలర్ వేస్తే అది నీటిని గదిలోకి ఊదుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో కూడా పేపరు వంగుతోందేమిటని అడిగినవాళ్లని, ప్రింటర్ ఉన్న గదిలో కూలర్ ఉందా అని మొదట అడుగుతాను.

ఒకసారి ఆగస్టులో ఒక బడికి సౌరమండలం చార్టులు కావాలన్నారు. 130 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 130 గ్రాములు తూగే మ్యాట్ కోటెడ్ పేపరు, అంతా ఒకే ప్యాకెట్టు. తేడా చూద్దామని దాన్ని రెండు భాగాలు చేశాను. ఒక సగాన్ని జిప్ కవర్లో పెట్టి ఏసీ గదిలో ఉంచాను, మిగతా సగాన్ని విప్పి మామూలు రాక్‌లో రెండు రోజులు వదిలేశాను. రాక్‌లో ఉన్న షీట్లను ప్రింట్ చేయకముందే బల్ల మీద పరిచి చూస్తే నడుమ చదునుగా, అంచులు మాత్రం సన్నగా కెరటాల్లా ఉన్నాయి. దొంతరలో గాలి తగిలేది అంచులకే కాబట్టి తేమ ముందు అక్కడే చేరుతుంది. వాటి మీద నీలం పడేసరికి అలలు చేత్తో తడిమితే తెలిసేంత లేచాయి. కొన్ని షీట్ల అంచుల్లో సన్నని నల్ల గీకుళ్లు కూడా పడ్డాయి. లేచిన అంచును ప్రింట్ హెడ్ రాసుకుపోయిన గుర్తులవి. కవర్లో ఉన్న సగం అదే రోజు, అదే సెట్టింగ్‌లో ప్రింట్ చేస్తే కాస్త వంగింది, ఆరాక బరువు కింద పెడితే సర్దుకుంది.

అంచులు కాకుండా నడుమ వదులుగా, అంచులు బిగిసినట్టుగా కనిపిస్తే కథ అడ్డం తిరిగిందన్నమాట, పేపరు మరీ ఎండిపోయింది. మేలో విప్పి ఉంచిన ప్యాకెట్లకి ఇది జరుగుతుంది. కవర్లో సిలికా జెల్ పొట్లాలు గుప్పెడు వేసి మంచి పని చేశాననుకునేవాళ్లకీ ఇదే జరుగుతుంది. కొత్త ప్యాకెట్టులోని పేపరు మిల్లు నుంచే సరైన తేమతో వస్తుంది. దాన్ని అలాగే కాపాడుకుంటే చాలు, అదనంగా ఎండబెట్టక్కర్లేదు.

నేను పాటించే పద్ధతి చిన్నదే. ప్యాకెట్టు రేపర్‌కి లోపల తేమ ఆపే పూత ఉంటుంది, కాబట్టి చింపి పారేయను, కావలసినన్ని తీసుకుని మళ్లీ మడిచి టేపు వేస్తాను. పడుకోబెట్టే పెడతాను, నేల మీద గానీ బయటి గోడకి ఆనించి గానీ పెట్టను. వానాకాలంలో ట్రేలో రాత్రంతా పేపరు వదలను. ఏసీ గదిలోంచి తెచ్చిన ప్యాకెట్టును చల్లదనం పోయేదాకా విప్పను, చల్లటి కాగితం మీద తేమ ఇట్టే చేరుతుంది. కొనేటప్పుడు షాపులో రేపర్ చిరిగి ఉంటే, తక్కువకి ఇస్తానన్నా తీసుకోను.

విడి షీట్లు కొనేవాళ్లకి ఒక సంగతి. ఛత్తా బజార్‌లో పెద్ద షీట్లు కోయించినప్పుడు కటింగ్ చేసే పెద్దాయన ఒక ముక్క చింపి చూపించాడు. “మేడమ్, ఇటు చింపితే గీత గీసినట్టు వచ్చింది కదా, పోగు ఇటు ఉంది. మీకు అడ్డంగా కోస్తే ప్రింటర్లో ముందు అంచు లేస్తది” అన్నాడు. నిజమే. కాగితం పోగు వాటం చుట్టూనే చుట్టుకుంటుంది. ఏ4లో పోగు పొడవునా ఉంటే పక్క అంచులు లేస్తాయి. అడ్డంగా ఉంటే ప్రింటర్లోకి ముందు వెళ్లే అంచే లేచి నేరుగా హెడ్‌కి తగులుతుంది. అప్పటి నుంచి పొడవునా కోయమని చెప్పి కోయిస్తున్నాను.

ప్రింటర్ వైపు చేయగలిగింది కొంత ఉంది. మామూలు పేపరుకి మ్యాట్ పేపర్ అని సెట్టింగ్ ఇస్తే ఇంకు కుమ్మరిస్తుంది, రంగు పెరగదు గానీ పేపరు తడిసిపోతుంది. నా ప్రింటర్లో `Prevent paper abrasion` అని ఒక ఆప్షన్ ఉంది. అది గీకుళ్లను ఆపుతుంది, అలల్ని కాదు. బయటికి వచ్చిన షీట్లను ఒకదాని మీద ఒకటి పడనివ్వకుండా విడిగా పరిచి, పావుగంట తర్వాత మధ్యలో తెల్ల కాగితాలు వేసి రాత్రంతా బరువు కింద ఉంచుతాను. ల్యామినేషన్ మర్నాడే. తడి ఉండగా వేడి రోలర్లోకి పంపితే లోపలి తేమ ఆవిరై బుడగలు కడుతుంది, ఆ షీటు ఇక పనికిరాదు.

75 జీఎస్ఎం కాపీయర్ పేపరు మీద నిండు నీలం వేస్తే మాత్రం ఎంత జాగ్రత్తగా దాచినా అలలు తప్పవు, దాన్ని అక్షరాలకే వాడుకోవాలి. 130 మ్యాట్ వానాకాలంలో కవర్ క్రమశిక్షణ ఉంటే బాగుంటుంది. గోడకి తగిలించే చార్టులకి నేను 180 మ్యాట్ తీసుకుంటాను, దాని మీద ఫిర్యాదు రాలేదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో పేపరులో నీరు కాగితం దాకా పోదు కాబట్టి అలలు రావు, కానీ మే నెలలో ఇంకు పట్టే పైపొర ముడుచుకుని బొమ్మ వైపుకి వంగుతుంది. ఫ్లాష్ కార్డులకి అదే వాడుతున్నాను, ఎండాకాలంలో రెండు వైపులా ల్యామినేట్ చేసి ఇస్తాను. ముదురు బ్యాక్‌గ్రౌండే కావాలని పట్టుబట్టే బడులకి ఇప్పుడు నీలం రంగు కాగితం కొని, దాని మీద నల్లటి గీతలతో గ్రహాల బొమ్మలు వేసి ఇస్తున్నాను. ఇంకు ఆదా అవుతోంది, షీటు బల్లకి అతుక్కున్నట్టు చదునుగా ఉంటోంది.