స్పాంజా, నూలు గుడ్డా?

గిన్నెలు తోమడానికి స్పాంజి హాయి, నురగ బాగా వస్తుంది. చిక్కంతా దాని రంధ్రాల్లోనే ఉంది. మెతుకులు, నూనె, నీళ్లు లోపలే ఉండిపోతాయి; రాత్రంతా సింకు పక్కన తడిగా పడుంటే బ్యాక్టీరియాకి ఇంకేం కావాలి? బాగా తడిపి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెడితే చాలావరకు చస్తాయి, మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. 2017లో జర్మనీ పరిశోధకులు వారానికోసారి మార్చమన్నది అందుకే. లోహం కలిసిన స్క్రబ్బర్‌ని మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి.

నూలు గుడ్డ పల్చన. పిండి, విప్పి ఆరేస్తే త్వరగా ఆరుతుంది. పొడిబారితే బ్యాక్టీరియా పెరగదు. రోజూ మార్చి, వాడినదాన్ని ఐదు నిమిషాలు మరిగిస్తే చాలాకాలం వస్తుంది. ముద్దగా కుళాయి మీద వదిలేశారా, స్పాంజికేం తీసిపోదు. అడుగంటిన గిన్నెకి గుడ్డ చాలదు, స్టీలు పీచే దిక్కు. పచ్చి మాంసం నీళ్లు తుడిచిన గుడ్డని వెంటనే మరిగించాలి, స్పాంజినైతే పారేయాలి.