జాగ్రత్త: డొమైన్ మీ పేరు మీదికి మారుస్తానంటే వెంటనే సరేననకండి

కర్నూలులో వెబ్‌సైట్లు చేసి పెట్టే ఆ పెద్దమనిషి ఎవరో చిన్న దుకాణాలు నడిపేవాళ్లలో చాలామందికి చెప్పనక్కరలేదు. డబ్బు తీసుకునేటప్పుడు "అన్నా" అని పిలిచి, పని పడితే ఫోను ఎత్తని ఆయనే. పేరు రాయను. చేసిన పని మాత్రం పూసగుచ్చినట్టు రాస్తాను. ఆయన చేతిలో ఇంకా చాలామంది డొమైన్లు, అంటే వెబ్‌సైట్ల పేర్లు, ఉన్నాయి.

మాది సోనా మసూరి బియ్యం వ్యాపారం. సైటు, డాట్ కామ్ పేరు రెండూ ఆయన చేతే పెట్టించాం. బయట వెయ్యి పైచిలుకుతో అయ్యే రెన్యూవల్‌కు ఏటా ఇంతకింత పెంచుకుంటూ పోయాడు. ఈసారి వేరే రిజిస్ట్రార్ దగ్గరికి, అంటే డొమైన్లు నమోదు చేసే ఇంకో సంస్థకు, మార్చుకుందామనుకున్నాం. గడువు నవంబరు 10. చివరి నిమిషంలో పరుగులెందుకని సెప్టెంబరులోనే అడిగాను. డొమైన్ కదలకుండా వేసిన లాక్ తీసి, మార్చుకోవడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వండి, అంతే.

గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. టీ తెప్పించాడు! "దానిదేముంది అన్నా, మీ వస్తువు మీరు తీసుకుపోతానంటే నేనెవరిని? కాకపోతే డొమైన్ ఇంకా మా సంస్థ పేరు మీదే ఉంది. ముందు మీ పేరు, మీ మెయిలు ఎక్కిస్తాను. అప్పుడు కోడ్ నేరుగా మీకే వస్తుంది, నా చుట్టూ తిరిగే పని ఉండదు" అన్నాడు. అన్ని సంవత్సరాలు డబ్బు కట్టింది మేము, యజమానిగా రాయించుకున్నది ఆయన. ఆ సంగతి అప్పుడే తెలిసింది. అయినా ఇప్పుడైనా మారుస్తున్నాడు కదా, మంచివాడే అనుకుంటూ మెట్లు దిగాను. ఆ టీ విలువ ఎంతో తర్వాత లెక్క తేలింది.

సెప్టెంబరు 24న ఫోను చేశాడు. "మీకో మెయిలు వచ్చి ఉంటుంది, అందులో లింకు ఉంది, నొక్కేయండి." లైనులోనే ఉన్నాడు. అప్పుడే లారీ దిగుతోంది, హమాలీలు సంచులు మోస్తున్నారు, నేను ఒక చేత్తో లెక్క రాసుకుంటున్నాను. "నొక్కారా అన్నా? పచ్చ టిక్కు వచ్చిందా?" అని రెండోసారి కూడా అడిగాడు. వచ్చిందన్నాను. "సంతోషం" అన్నాడు. నిజంగానే ఎంత సంతోషించాడో!

ఆ మెయిలు తర్వాత తీరిగ్గా చదివాను. లింకుకు దిగువన, ఎవరూ చూడని చోట ఒక వాక్యం ఉంది: ఈ మార్పును ఆమోదిస్తే 60 రోజుల వరకు ఈ డొమైన్‌ను మరో రిజిస్ట్రార్‌కు మార్చడం కుదరదు. 

డాట్ కామ్ లాంటి పేర్లకు నియమాలు పెట్టే ఐకాన్ అనే సంస్థ ఒకటుంది. యజమాని పేరు గానీ, సంస్థ పేరు గానీ, యజమాని మెయిలు గానీ మారితే 60 రోజులు తాళం వేయాలన్నది దాని నియమమే. దొంగలు ఎవరి ఖాతాలోనో దూరి, మెయిలు మార్చి, అదే రోజు డొమైన్ ఎత్తుకుపోకుండా పెట్టిన కట్టుబాటు అది. ఉద్దేశం మంచిదే. మా పెద్దమనిషి దాన్ని ఖాతాదారు మీదికి తిప్పాడు.

ఇప్పుడు తేదీలు చూడండి. సెప్టెంబరు 24 నుంచి 60 రోజులంటే నవంబరు 23. మా గడువు నవంబరు 10. అంటే రెన్యూవల్ రోజు వచ్చేసరికి తాళం ఇంకా వేసే ఉంటుంది. కట్టాలంటే ఆయన దగ్గరే కట్టాలి. ఎంత అడిగితే అంత!

అక్టోబరు మొదట్లో కోడ్ కోసం వెళ్తే ముఖంలో టీ నాటి నవ్వు లేదు. కంప్యూటర్ మీంచి కళ్లు కూడా ఎత్తలేదు. "నేనేం చేయను అన్నా, రూలు నాది కాదు, అమెరికా వాళ్లది. మార్పు ఒప్పుకున్నది మీరు, లింకు నొక్కింది మీరు." రెన్యూవల్ ఎంత అని అడిగాను. "ఈసారి ఆరున్నర వేలు." అంత ఎందుకయ్యా అంటే, "వద్దంటే వదిలేయండి, కొత్త పేరు కొనుక్కోండి. పేర్లకు కరువా?" అన్నాడు. పక్కన ఎవరో ఇద్దరు కొత్త ఖాతాదారులు కూర్చుని వింటున్నారు. వాళ్లకు టీ వచ్చింది.

కొత్త పేరు కొనుక్కోవాలట! మా 26 కిలోల సంచి ప్రతిదాని మీదా ఆ సైటు పేరు అచ్చయి ఉంది. గోదాములో కట్టలు కట్టలుగా ఖాళీ సంచులున్నాయి. అది తెలిసే ఆ మాట అన్నాడు. సంచుల మీద వేయడానికి బొమ్మ గీసి ఇచ్చింది ఆయన మనిషే.

ఆ కోపంలోనే lookup.icann.org తెరిచి మా పేరు కొట్టి చూశాను. ఈ పని ఎవరైనా చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. అక్కడ రిజిస్ట్రార్ అని ఉన్నచోట ఆయన పేరు లేదు, వేరే పెద్ద సంస్థ పేరుంది. ఈయన దాని దగ్గర తీసుకుని తిరిగి అమ్ముకునే రీసెల్లర్ మాత్రమే. స్టేటస్ దగ్గర `clientTransferProhibited` అని ఉంది. మామూలు రోజుల్లో కూడా ఇదే కనిపిస్తుంది, ఎవరూ పేరు ఎత్తుకుపోకుండా ఉండే రోజువారీ తాళం అది. అన్‌లాక్ చేస్తే ఆ మాట పోయి `ok` అని గానీ `active` అని గానీ రావాలి. "తీసేశాను" అని ఎవరైనా అంటే నోటి మాట నమ్మకుండా అక్కడ చూసుకోండి.

ఆ పెద్ద రిజిస్ట్రార్‌కే రాశాను. యజమానిగా ఇప్పుడు నా మెయిలే ఉంది కాబట్టి జవాబు ఇచ్చారు, మర్యాదగానే. 60 రోజుల తాళం ఒకసారి పడ్డాక తీయడం కుదరదన్నారు. మరి ఇంకో సంగతి కూడా చెప్పారు, నా ఒళ్లు మండింది అక్కడే. యజమాని వివరాలు మార్చేటప్పుడు "ఈ తాళం నాకు వద్దు" అని ముందే ఎంచుకునే వీలు వాళ్ల దగ్గర ఉందట. రీసెల్లర్ ప్యానెల్‌లో ఒక గడి, దానిలో టిక్కు. అన్ని రిజిస్ట్రార్లూ ఆ వీలు ఇవ్వాలని లేదు, వీళ్లు ఇస్తున్నారు. ఈయన ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ఏళ్ల తరబడి అదే ప్యానెల్ ముందు కూర్చునే మనిషికి ఆ గడి కనబడలేదంటే నమ్మడానికి నేను ఇంకోసారి టీ తాగాలి.

ఐకాన్‌కు ఫిర్యాదు చేద్దామంటే, తాళం నియమం ప్రకారమే పడింది. ఫిర్యాదు పనికొచ్చేది కోడ్ అడిగినా ఇవ్వకపోతేనే. రిజిస్ట్రార్ కోడ్‌ను ఖాతాలోనే తీసుకునేలా పెట్టాలి, లేదంటే అడిగిన 5 రోజుల్లోపు ఇవ్వాలి. లాక్ తీయడానికీ అంతే గడువు. "మా రీసెల్లర్ మాకు బాకీ ఉన్నాడు, మాకు వచ్చే ఏడాది రెన్యూవల్ కట్టలేదు" లాంటి సాకులతో ట్రాన్స్‌ఫర్ ఆపే హక్కు వాళ్లకు లేదు.

నిన్న ఆరున్నర వేలు కట్టాను. "గడువు దాటాక కట్టండి అన్నా, తొందరేముంది, నెలరోజులు సమయం ఉంటుంది" అని మళ్లీ తీయగా చెప్పాడు. ఆ సలహాలోనూ మెలిక ఉంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. డాట్ కామ్ గడువు దాటిన వెంటనే, డాట్ కామ్ పేర్లన్నిటి జాబితా నడిపే రిజిస్ట్రీ దాన్ని తనంతట తానే ఒక ఏడాది పొడిగిస్తుంది, ఆ తర్వాత 45 రోజులు వెసులుబాటు కాలం. ఆ 45 రోజుల్లో మనం కట్టి, అందులోనే డొమైన్‌ను వేరే చోటికి మారిస్తే, ఆ పొడిగింపు రద్దయిపోతుంది. పాత రిజిస్ట్రార్‌కు రిజిస్ట్రీ డబ్బు తిరిగి వస్తుంది, మనం కట్టింది మనకు రావాలని లేదు. కొత్త రిజిస్ట్రార్ ఇచ్చే ఒక ఏడాదే మిగులుతుంది. నేను నవంబరు 12న కట్టి, 23 తర్వాత మార్చుకుని ఉంటే ఆరున్నర వేలూ గంగలో కలిసేవి. గడువుకు ముందే కడితే ఆ ఏడాది నిలుస్తుంది, దాని మీద ట్రాన్స్‌ఫర్‌తో వచ్చే మరో ఏడాది కలుస్తుంది. అందుకే పళ్లు కొరుక్కుంటూ ముందే కట్టాను. రసీదు అడిగితే వాట్సాప్‌లో పెడతానన్నాడు. ఇంకా రాలేదు.

నవంబరు 24న కోడ్ అడుగుతాను, మెయిలులోనే, రిజిస్ట్రార్‌కు కూడా ప్రతి పెట్టి. కోడ్ రాగానే కొత్త చోట ఇస్తే, పాత రిజిస్ట్రార్ నుంచి "ఈ ట్రాన్స్‌ఫర్ మీరే అడిగారా" అని నాకు మెయిలు వస్తుంది. ఆమోదిస్తే త్వరగా అయిపోతుంది, ఊరుకున్నా 5 రోజులకు దానంతటదే జరుగుతుంది. ఇప్పుడు ఆ మెయిలు నాకు వస్తుంది, ఆయనకు కాదు. ఇంత జరిగాక మిగిలిన లాభం అదొక్కటే.

మీ సంగతి చెప్పాలంటే, డొమైన్ ఇప్పటికే మీ పేరు మీద ఉంటే, మార్చుకునే ముందు పేరు, మెయిలు ముట్టుకోకండి. పాత మెయిలు పనిచేస్తుంటే చాలు, మిగతావి కొత్త చోటికి వెళ్లాక దిద్దుకోవచ్చు. మా లాగా ఇంకొకరి పేరు మీద ఉంటే మాత్రం గడువుకు నాలుగైదు నెలల ముందే మార్పించండి, తాళం వద్దనే టిక్కు ఉందేమో అడిగి, ఉంటే మీ కళ్ల ముందే పెట్టించండి. కొత్తగా కొన్న డొమైన్ కూడా మామూలుగా మొదటి 60 రోజులు కదలదు, ఒకసారి మార్చుకున్నది కూడా మామూలుగా మళ్లీ 60 రోజులు కదలదు.

ఇంకొకటి, మరిచిపోయేవాడిని. మీ సైటు, మెయిలు ఎక్కడున్నాయో చెప్పే నేమ్‌సర్వర్లు పాతవాళ్లవే అయితే, ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టే ముందే వాళ్ల దగ్గరున్న రికార్డులన్నీ, ముఖ్యంగా మెయిలుకు సంబంధించిన ఎమ్‌ఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులు, రాసుకుని కొత్త చోట పెట్టి, నేమ్‌సర్వర్లను కూడా అటు మార్చుకోండి. డొమైన్ వెళ్లిపోయిందని వాళ్లు తమ వైపు తుడిచేస్తే సైటు, మెయిలు రెండూ ఆగిపోతాయి. మావి నిన్న రాత్రే ఫొటోలు తీసి పెట్టుకున్నాను, ఆ ప్యానెల్ పాస్‌వర్డు ఆయన మార్చకముందే.