మిర్చి షాపు బిల్లింగ్ యాప్, రెండు సీజన్లు వాడాక: 3 స్టార్లు, ఒక బగ్ రిపోర్టు

గుంటూరు యార్డులో మా బాబాయిది కమీషన్ షాపు, నేను చేసేది టెస్టింగ్ జాబ్, సీజన్లో ఖాళీ ఉంటే బిల్లులు నేనే కొడతా. యాప్ పేరు చెప్పను, డెవలపర్‌కి ఎలాగూ తెలుస్తుంది. తూకం, రేటు కొడితే కమీషన్, హమాలీ పోను రైతుకి రావాల్సింది వెంటనే చూపిస్తది, నెట్ లేకపోయినా పనిచేస్తది, అందులో వంక పెట్టడానికేం లేదు.

గొడవంతా బిల్లు మధ్యలో ఫోనొస్తేనే. తేజ టిక్కీలు లాట్ల వారీగా ఎక్కిస్తుంటే కాల్ వస్తది, మాట్లాడి, వాట్సాప్‌లో ఒక ఫొటో చూసి వెనక్కొస్తే రైతు పేరు అలాగే ఉంటది, కింద లాట్లన్నీ మాయం, టోటల్ 0. పక్కన రైతు నిలబడి ఉంటాడు, మళ్లీ కాటా చీటీలు వెతుక్కోవాలి. సపోర్ట్‌కి రాస్తే "మా ఫోన్లో రావట్లేదండి" అన్నారు. వాళ్ల ఫోన్లో ర్యామ్ ఎక్కువుంటే రాదు మరి! మాది 3 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 11, యాప్ వెర్షన్ 4.2.1, కెమెరా తెరిస్తే చాలు వెనక ఉన్న యాప్‌ని సిస్టమ్ చంపేస్తది.

ఏ ఫోన్లో అయినా తెప్పించే దారి ఇదిగో. కొత్త బిల్లు తెరిచి, రైతు పేరు కొట్టి, మూడు లాట్లు ఎక్కించండి, సేవ్ నొక్కొద్దు. హోమ్ బటన్ నొక్కి కాసేపు ఆగి, కేబుల్ పెట్టి ఇది కొట్టండి (మీ ప్యాకేజీ పేరుతో):

```
adb shell am kill <package>
```

తర్వాత రీసెంట్స్‌లోంచి యాప్ తెరవండి. రీసెంట్స్‌లో స్వైప్ చేసి తీసేయడం మాత్రం వద్దు, అది వేరే కేసు, అప్పుడు సిస్టమ్ దాచిన స్టేట్ కూడా పోతది. మూడు లాట్లూ, టోటలూ అలాగే ఉండాలి, కానీ లిస్టు ఖాళీగా వస్తది.

ఇంకోటి కూడా చూశా, ఫోన్ అడ్డంగా తిప్పితే లాట్లు పోవట్లేదు. అంటే లిస్టు ఒట్టి వ్యూమోడల్‌లోనే ఉంచినట్టున్నారు, రొటేషన్‌కి అది బతుకుతది, ప్రాసెస్ చస్తే దాంతోపాటే పోతది. పేరు ఎందుకు మిగిలిందంటే టెక్స్ట్ బాక్సు తన స్టేట్ తనే దాచుకుంటది. ఒక్కో లాటు ఎక్కించగానే ఫోన్లోని డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా రాసేస్తే సరిపోద్దని నా అనుమానం, కోడ్ చూడలేదు కాబట్టి మీరే తేల్చాలి.

స్క్రీన్‌షాట్లు రెండు పంపా, కాల్‌కి ముందు, తర్వాత. పైన టైమ్ కనపడేలా కత్తిరించకుండా ఉంచా, లాగ్‌లో ఆ నిమిషం దగ్గర వెతుక్కోవచ్చు. రైతు పేరు, ఫోన్ నంబరు ఉత్తుత్తివి పెట్టే తీశా, అసలు బిల్లులవి పంపను.

అప్పటిదాకా మేం రెండు లాట్లకోసారి సేవ్ కొట్టి, మళ్లీ ఎడిట్‌లోకెళ్లి మిగతావి ఎక్కిస్తున్నాం. విసుగే గానీ లాట్లు పోవట్లేదు.