కలబంద పసరు తీయకుండా పూస్తే: మొలల మీద నాలుగు పూతలు, రెండేళ్ల అనుభవం

కలబంద చల్లగా ఉంటుందని ఎవరైనా చెబితే నేను ముందు ఒకటే అడుగుతాను: పసరు కారనిచ్చారా? ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే రెండేళ్ల కింద ఆ మూడు రోజులు నేను అంత నరకం చూసేవాణ్ని కాదు.

నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర నాది టైలరింగ్ షాపు. పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దున మిషన్ ముందు కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తాను. మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువే తాగేవాణ్ని. ఒక వారం మలబద్ధకం, ఆ తర్వాత ఒక పొద్దున బయట గట్టిగా ఒక గడ్డ తగిలింది. కూర్చుంటే నొప్పి, తుడుచుకుంటే మంట. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. నా నడక చూసి మా అమ్మే పట్టేసింది. "పెరట్ల కలబంద ఉండంగ మందుల షాపుకెందుకు బిడ్డా, అది సల్లగుంటది" అంది.

మట్ట కోశాను, నిలువునా చీల్చాను, లోపలి జిగురు అలాగే పూసుకున్నాను. మొదటి రెండు నిమిషాలు నిజంగానే చల్లగా ఉంది. తర్వాత సన్నగా మంట మొదలైంది. మందు పని చేస్తున్నట్టుంది అనుకుని ఓర్చుకున్నాను. ఇరవై నిమిషాలకు ఇక ఆగలేక కడుక్కున్నాను. కింద వేసుకున్న కోరా గుడ్డ ముక్క మీద పసుపు పచ్చ మరక, అంచుల్లో గోధుమ రంగు. తెల్లారేసరికి గడ్డ చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది. మూడు రోజులు షాపు తెరవలేదు.

ఆ మరక సంగతి మూలికలు అమ్మే ఒక పెద్దాయన విప్పి చెప్పాడు. కలబంద మట్టలో రెండు రకాల రసాలుంటాయి. నడుమ ఉండే తెల్లటి గుజ్జు వేరు, పచ్చ తొక్కకు ఆనుకుని లోపల కారే పసుపు పసరు వేరు. "ఆ పసరును ఎండబెడితేనే ముసాంబరం అయితది కాకా" అన్నాడు. ముసాంబరం ఎంత చేదో, కడుపులోకి పోతే ఎలా విరేచనాలు పెడుతుందో మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. చర్మానికీ అది పడదు, అందులోనూ ఒరుసుకుపోయిన చోట అసలు పడదు. చాలామంది మట్టను చీల్చి నేరుగా రుద్దుకుంటారు, అంటే గుజ్జుతో పాటు పసరునూ రుద్దుకుంటున్నట్టే.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. మట్టను మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో నిలబెడతాను. పది పదిహేను నిమిషాల్లో పసుపు పసరు కారి అడుగున చేరుతుంది. ఆ తర్వాత మట్టను కడిగి, రెండు పక్కల ముళ్ల అంచులు తీసేసి, తొక్కను కాస్త మందంగానే చెక్కుతాను. పల్చగా చెక్కితే తొక్క కింద పసరు మిగిలిపోతుంది. మిగిలిన గుజ్జును మళ్లీ నీళ్లలో కడగాలి. అద్దంలా తెల్లగా ఉంటేనే వాడతాను, పసుపు చాయ కనిపిస్తే పారేస్తాను. ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక పూట చూశాను, ఏమీ కాలేదు. ఫ్రిజ్‌లో పెట్టిన ఆ గుజ్జు పూసుకుంటే దురదకు, పొడిబారినట్టు గుంజే బాధకు హాయిగా ఉంటుంది. వాపును మాత్రం అది తగ్గించలేదు. షాపులో దొరికే ఆకుపచ్చ జెల్ కూడా ఒకసారి వాడాను. సువాసన, రంగు కలిపింది కాబోలు, దానికీ చుర్రుమంది.

వాపుకు నాకు నిజంగా పనిచేసింది ఐసు. నాలుగైదు ముక్కలు పల్చటి జేబురుమాలులో చుట్టి, పక్కకు తిరిగి పడుకుని పది నిమిషాలు పెట్టుకునేవాణ్ని, రోజుకు మూడు నాలుగు సార్లు. మొదటి రోజే కూర్చోగలిగాను, అది నాకు ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. గుడ్డ లేకుండా నేరుగా పెడితే చర్మం తెల్లబడి మొద్దుబారుతుంది, ఆ తర్వాత కాలిన పుండులా తయారవుతుంది, జాగ్రత్త. ఇంకో మాట కూడా చెప్పాలి. ఐసు నొప్పినీ వాపునూ తగ్గించింది, గడ్డను కాదు. నేరేడు పండులా నల్లగా కనిపించిన ఆ గడ్డ లోపల గడ్డకట్టిన రక్తం కరగడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. రెండు మూడు రోజుల తర్వాత ఐసు కంటే వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోవడమే నాకు ఎక్కువ సుఖమనిపించింది.

కొబ్బరి నూనె గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. దొడ్డికి వెళ్లే ముందు ఒక్క చుక్క పల్చగా రాసుకుంటే ఒరుసుకోదు, అది మాత్రం నిజం. కానీ మే నెల ఎండల్లో మందంగా రాసుకుని మిషన్ ముందు కూర్చుంటే చెమట లోపలే నిలిచి దురద ఇంకా పెరిగింది. ముందు కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరాకే రాయాలి. తలకు రాసే సువాసన నూనె అసలు వద్దు, వంటకు వాడే స్వచ్ఛమైనది చాలు.

ఇక విచ్ హేజెల్. అది అమెరికా పొద, దాని బెరడులో, ఆకుల్లో ఉండే వగరు గుణం చర్మాన్ని బిగిస్తుంది. మన దగ్గర హోమియో షాపులో హమామెలిస్ పేరుతో మదర్ టింక్చర్‌గా దొరుకుతుంది. దాన్ని నీళ్లు కలపకుండా దూదితో అద్దుకున్నాను. అందులో ఆల్కహాల్ బాగా ఉంటుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. హైదరాబాద్‌లో ఉండే మా వదిన తర్వాత ఆల్కహాల్ లేని విచ్ హేజెల్ నీళ్లు తెచ్చిచ్చింది. అవి అద్దుకుంటే కాస్త చల్లగా, బిగుతుగా అనిపించింది, మంట లేదు. ఐసు కంటే గొప్ప మాత్రం ఏమీ కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ మంటలన్నిటికీ తప్పు మొత్తం పసరుదీ ఆల్కహాల్‌దీ కాదు. మూడో నెలలో మళ్లీ నొప్పి వచ్చినప్పుడు సర్జన్ దగ్గరికి పోతే, మొలతో పాటు చిన్న చీలిక కూడా ఉందన్నాడు. దొడ్డికి పోయేటప్పుడు గాజుముక్కతో కోసినట్టు ఉండి, ఆ తర్వాత గంటసేపు మండితే అది ఎక్కువగా చీలికే అని, మొల ఒక్కటే ఉంటే అంత కోత ఉండదని చెప్పాడు. చీలిన చోట ఏది పూసినా మండుతుంది. దానికి ఆయన రాసిన ఆయింట్‌మెంట్ వేరు.

నాది బయటి మొల, వయసు ముప్పై ఎనిమిది, షుగర్ లేదు. లోపలి మొలలున్నవాళ్లకు ఈ పూతలు అక్కడిదాకా అందవు. నాకు రెండేళ్లలో మళ్లీ మళ్లీ రాకుండా ఆపింది కూడా ఈ పూతలు కాదు, మిషన్ పక్కన పెట్టుకున్న రెండు లీటర్ల నీళ్ల సీసా, రాత్రి పూట జొన్నరొట్టెతో ఆకుకూర. రక్తం పడితే మాత్రం మొలలే కదా అని ఇంట్లో పూతలు పూసుకుంటూ కూర్చోకండి. మా వీధిలో ఒకాయన అలాగే ఏడాది గడిపాడు, చివరికి పరీక్ష చేయిస్తే పేగులో వేరే జబ్బు బయటపడింది.