వైజాగ్‌లో జ్వరం సపోజిటరీ కొనేవాళ్ళు జాగ్రత్త, స్ట్రిప్ చూసుకుని తీసుకోండి

మా పాపకి జ్వరం 102 దాటింది, సిరప్ నోట్లో పోయడం ఆలస్యం కక్కేస్తోంది, దాంతో డాక్టరు గారు వెనకాల పెట్టే పారాసెటమాల్ సపోజిటరీ 170 రాశారు. పాప 11 కిలోలు, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 165 వస్తుంది కాబట్టి 170 సరిపోద్ది. మద్దిలపాలెం వైపు ఒక మెడికల్ షాపుకెళ్తే 170 లేదు, 250 ఉంది, "సగానికి కోసి పెట్టేయండమ్మా, ఏం కాదు" అని ఇచ్చేశాడు.

అది తీసింది ఫ్రిజ్‌లోంచి కాదండి, కౌంటర్ వెనక ర్యాక్‌లోంచి. మే నెల ఉక్కపోతలో! ఒంట్లోకెళ్ళాక ఆ వేడికి కరగాలనే దాన్ని అలా తయారుచేస్తారు, మరి మన ఎండకి షాపులో కరక్కుండా ఎలా ఉంటది? ఇంటికొచ్చి చూస్తే మొన తేలిపోయి ఒక పక్కకి జారి గడ్డకట్టింది, కవర్ లోపల నూనె మరక. ఫోన్ చేస్తే "ఫ్రిజ్‌లో పెట్టండి గట్టిపడిపోద్ది" అంటాడు. గట్టిపడుతుంది, నిజమే, కానీ కరిగినప్పుడు మందు ఒక పక్కకి దిగిపోయి ఉండొచ్చు, ఇంక సగం కోస్తే ఏ ముక్కలో ఎంతుందో ఎవరికి తెలుసు? కోయకుండా మొత్తం పెడితే మా పాపకి కిలోకి 22 దాటిపోద్ది.

మా ఆయన వేరే షాపులో ఫ్రిజ్‌లోంచి తీసిన 170 తెచ్చారు, మొన చక్కగా ఉంది. పాపని ఎడమ పక్కకి పడుకోబెట్టి మోకాళ్ళు పొట్టకి మడిచి, మందుని నీళ్ళతో తడిపి (వాజిలిన్ వద్దన్నారు) మొన వైపు నుంచి లోపలికి, కండరం బిగువు దాటేదాకా తోసి, పిరుదులు రెండూ కాసేపు దగ్గరగా పట్టుకున్నా. వదిలేస్తే బయటికొచ్చేస్తదండి, అక్కడే చాలామందికి వేస్ట్ అయ్యేది. జ్వరం దిగడానికి గంట పైనే పట్టింది, సిరప్ కంటే లేటే, కంగారుపడి రెండోది పెట్టకండి. మళ్ళీ సిరప్ కూడా వేయకండి, రెండూ ఒకటే మందు. డోసుకీ డోసుకీ మధ్య ఆరు గంటలు ఆగమన్నారు, రోజుకి నాలుగు దాటకూడదంట. విరేచనాలు అవుతుంటే ఇది లోపల నిలవదు, అప్పుడు డాక్టర్నే అడగాలి.

ఇది జ్వరానికే గానీ వాంతులకి కాదు. పిల్ల ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, మగతగా పడున్నా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా కేజీహెచ్‌కో దగ్గర్లో పిల్లల ఆసుపత్రికో వెళ్ళిపోండి. మూడు నెలల లోపు పిల్లలకైతే జ్వరం వస్తే చాలు, ఇంట్లో ఏదీ పెట్టకుండా తీసుకెళ్ళాలి.

ఆ మొదటి షాపోడు డబ్బులు తిరిగివ్వలేదు. ఫ్రిజ్ ఐటమ్స్‌కి రిటర్న్ లేదంట.