సీసాలో ఉన్న గాలే కారుస్తుంది: నా ఫ్లైట్ స్కిన్‌కేర్ కిట్ గురించి

ఆఫీసు పని మీద బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అమెరికా వెళ్లి రావడం నాకు అలవాటైపోయింది. కొన్నేళ్లుగా నాతో తిరుగుతున్న కిట్‌లో నాలుగు రకాల డబ్బాలు ఉన్నాయి: సిలికాన్ ట్యూబులు, ఫ్లిప్ మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు, ఒక ఎయిర్‌లెస్ పంపు, కాంటాక్ట్ లెన్స్ డబ్బాలు రెండు. వీటిలో ఎయిర్‌లెస్ పంపుకీ లెన్స్ డబ్బాలకీ పూర్తి మార్కులు. ఫ్లిప్ సీసాలు నింపే పద్ధతి తెలిస్తే బాగానే పనిచేస్తాయి. సిలికాన్ ట్యూబులు మాత్రం వాటికున్న పేరుకు తగ్గట్టు లేవు.

రూల్ సంగతి ముందు. హ్యాండ్ బ్యాగేజీలో ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే ఒక్క పారదర్శక జిప్ కవర్లో ఇమడాలి. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన నిబంధన ఇది. చూసేది సీసా సైజునే, లోపల ఎంత ఉందని కాదు. 150 మి.లీ. ట్యూబులో అడుగున కాస్త మిగిలినా పక్కన పెట్టేస్తారు. అందుకే మీద కొలత ముద్రించిన సీసాలే కొంటాను. ఏమీ రాయని సీసాను సెక్యూరిటీ వాళ్లు తిప్పి తిప్పి చూస్తుంటే మనకు అనవసరమైన టెన్షన్. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్కానర్లు పెట్టి ఈ రూల్ సడలించారు గానీ, మధ్యలో ఫ్లైట్ మారేచోట మళ్లీ చెకింగ్ ఉండొచ్చు. అందుకని పాత లెక్కకే సర్దుకుంటాను. పెట్రోలియం జెల్లీ, జెల్ కూడా ద్రవాల కిందే లెక్క. గట్టి లిప్‌బామ్ స్టిక్కు, సబ్బుబిళ్ల ఆ కవర్లోకి ఎక్కించక్కర్లేదు.

ఇక కారడం గురించి. దీనికి అసలు కారణం మా వదిన వల్ల తెలిసింది. ఆవిడ చెన్నైలో ఉంటుంది. నేను వాడేవే, అదే షాపులో కొన్న ఫ్లిప్ సీసాలు ఆవిడకూ ఇచ్చాను. నావి ఎప్పుడైనా మూత దగ్గర కాస్త తడిగా ఉండేవి, అంతే. ఆవిడవి దిగేసరికి కవరంతా జిడ్డే. "ఏమ్మా, నీ సీసాలు నీ దగ్గర బుద్ధిగా ఉంటాయి, నా దగ్గరికొస్తే ఏడుస్తాయేంటి?" అని ఫోన్లో దులిపేసింది.

తేడా సీసాల్లో లేదు, ఊళ్లలో ఉంది. విమానం ఎంత ఎత్తులో ఎగిరినా లోపలి గాలి ఒత్తిడిని సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతకు తగ్గకుండా చూస్తారు. కొన్ని కొత్త విమానాల్లో ఇంకాస్త ఎక్కువే ఉంచుతారు. బెంగళూరు ముందే 900 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నై సముద్రం ఒడ్డున ఉంది. మూత బిగించినప్పుడు సీసాలో 10 మి.లీ. గాలి ఉందనుకుందాం. విమానంలో అది వ్యాకోచించగలిగితే బెంగళూరులో నింపినది దాదాపు 12 మి.లీ. అవుతుంది, చెన్నైలో నింపినది 13.5 మి.లీ. దాకా వెళ్తుంది. సీసా గోడ మెత్తగా ఉంటే ఉబ్బి సర్దుకుంటుంది. గట్టిగా ఉంటే గాలికి చోటుండదు కాబట్టి, మూతలో ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి ఎదురుగా ఉన్నదాన్ని తోస్తుంది. సీసా నిలబడి ఉంటే మూత దగ్గర ఉండేది గాలే, బయటికి పోయేదీ గాలే. పడుకునో తలకిందులుగానో ఉంటే మాత్రం మూతకు తగిలేది లోషన్, పోయేదీ లోషనే.

ఇది తెలిశాక నింపే తీరే మారింది. మెత్తటి సీసాను మెడ దాకా నింపి, మూత పెట్టేముందు లోషన్ అంచు దాకా వచ్చేలా నొక్కి, ఆ నొక్కు వదలకుండానే బిగిస్తాను. పక్కలు కాస్త లోపలికి పోయి ఉంటాయి. గాలి వ్యాకోచించడానికి ఆ చోటు సరిపోతుంది. గట్టి సీసాలో మాత్రం అంచు నుంచి వేలి గోరంత ఖాళీ వదిలి నింపుతాను. మర మూతైతే అది తిప్పి, సీసా మూతి మీద చిన్న ప్లాస్టిక్ రేపర్ ముక్క పరిచి, మళ్లీ బిగిస్తాను. ఆ కవర్‌ను సీటు కింద పెట్టే బ్యాగులో నిలువుగా ఉంచుతాను. విమానంలో తెరిచేటప్పుడు మూతి పైకి పెట్టి నెమ్మదిగా తెరవాలి, లేకపోతే మొదటి చుక్క ఒళ్లో పడుతుంది.

కొత్త సీసా నమ్మదగ్గదో కాదో తెలుసుకోవడానికి సింకులో తలకిందులు పెట్టి చూస్తే చాలదు. అక్కడ ఒత్తిడి మారదు. వీకెండ్‌కి ఊటీ వెళ్తే తీసుకెళ్లండి. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తు, అంటే విమానం లోపలి ఒత్తిడికి దగ్గరే. ఘాట్‌లో చిప్స్ ప్యాకెట్ దిండులా ఉబ్బడం అందరం చూసిందే. అదే బ్యాగులో సీసాలో లోషన్ నింపి, టిష్యూ చుట్టి, పడుకోబెట్టి తీసుకెళ్లండి. పైకి చేరాక టిష్యూ మీద మరకే జవాబు.

ఎయిర్‌లెస్ పంపు ఎందుకు కారదంటే అందులో క్రీముకీ పంపుకీ మధ్య గాలి దాదాపు ఉండదు. అడుగున ఉన్న పళ్లెం క్రీము తగ్గేకొద్దీ పైకి జరుగుతుంది. నింపాక రెండు మూడు సార్లు నొక్కి మొదట్లో చిక్కిన గాలి తీసేయాలి. 30 మి.లీ.ది నాకు రెండు వారాల ట్రిప్పుకు మాయిశ్చరైజర్‌గా సరిపోయి ఇంకా మిగులుతుంది. నీళ్లలా ఉండే టోనర్ దీంట్లో పోయకండి, పంపు సరిగా లాగదు. పంపు మీద కప్పు లేకపోతే బ్యాగులో ఏదో నొక్కి ఖాళీ చేసేస్తుంది.

డ్రాపర్ ఉన్న గాజు సీసా తీసుకెళ్లడం మానేశాను. పైన గాలి వ్యాకోచించి సీరమ్‌ను గొట్టంలోంచి రబ్బరు బుడగలోకి ఎక్కిస్తుంది, మూత తిప్పగానే గొట్టం చివర నుంచి కారుతుంది. దాన్ని వేరే సీసాలోకి మార్చడమూ మంచిది కాదు. విటమిన్ సి సీరమ్‌కు గాలి తగిలితే పసుపు రంగు తిరిగి, తర్వాత గోధుమ రంగులోకి పోతుంది. రెటినాల్‌కు గాలితో పాటు వెలుతురు కూడా పడదు. ఆ రెండూ ఇంట్లోనే. సన్‌స్క్రీన్ అయితే కంపెనీ ట్యూబు చిన్నదే కొంటాను.

సిలికాన్ ట్యూబులు నొక్కడానికి హాయిగా ఉంటాయి, కవర్లో చోటూ తక్కువే పడుతుంది. ఫేస్‌వాష్‌కు ఏ ఇబ్బందీ లేదు. కానీ డైమెథికోన్ ఎక్కువగా ఉన్న ప్రైమర్ పోస్తే అదీ సిలికాన్ జాతిదే కాబట్టి, గోడ దాన్ని పీల్చుకుని ఉబ్బి, కొన్ని రోజులకు పైనంతా జిగురుగా తయారవుతుంది. ఎంత కడిగినా పోలేదు. పాత షాంపూ వాసన కూడా అలాగే ఉండిపోతుంది, కొత్త క్రీముకు అంటుతుంది.

కడగడం ఏ డబ్బాకైనా ఒకటే. వేడినీళ్లు, డిష్‌వాష్ లిక్విడ్, తర్వాత సర్జికల్ స్పిరిట్, తర్వాత మూతి కిందికి పెట్టి ఒక రాత్రంతా ఆరనివ్వడం. అడుగున ఒక్క నీటిచుక్క మిగిలినా బూజుకు చోటిచ్చినట్టే. కొత్త క్రీము పాతదాని మీదే నింపను.

లెన్స్ డబ్బాలు ఐ క్రీముకూ పెట్రోలియం జెల్లీకీ. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది కాబట్టి, మాయిశ్చరైజర్ మీద పెదవులకూ ముక్కు అంచులకూ ఆ జెల్లీ పలచగా రాస్తాను. డబ్బాలో చిక్కటి క్రీమును చెంచాతో నొక్కి నింపితే గాలికి చోటే ఉండదు.

ఫ్లిప్ సీసాల్లో మొదట పాడయ్యేది మూత మడత. అక్కడ తెల్లటి గీత కనబడితే పగుళ్లు మొదలైనట్టే, మూత సరిగా కూర్చోదు. అప్పుడు ఆ సీసాను ఇంట్లో డిష్‌వాష్ లిక్విడ్‌కు పెట్టేసి, ట్రిప్పుకు కొత్తది కొంటాను.