‘100% మ్యాచ్’ అన్న మాట నమ్మి జియోకోడింగ్ కొనకండి

అడ్రస్‌ల లిస్టు ఇస్తే ప్రతిదానికీ అక్షాంశం, రేఖాంశం వేసి ఇచ్చే సర్వీసు కొనబోతున్నవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. మేము కొన్నాం, దెబ్బతిన్నాం. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు చేసిన పని ఎవరైనా చేయగలిగేది కాబట్టి, పేరు కన్నా ఆ పని ఎలా పట్టుకోవాలో తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మాది మంచాన పడినవాళ్ల ఇళ్లకు నర్సులను పంపే చిన్న బృందం. ఏ నర్సు ఏ దారిలో వెళ్తే ఎక్కువ ఇళ్లు చూడగలదో లెక్క వేయాలంటే ప్రతి ఇల్లూ మ్యాప్ మీద ఒక చుక్కగా ఉండాలి. మా దగ్గర 6,400 అడ్రస్‌లు ఉన్నాయి, అన్నీ మాటల్లోనే. వాటిని ఫైలుగా పంపితే రెండు రోజుల్లో తిరిగొచ్చింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ప్రతి వరసలో దశాంశ బిందువు తర్వాత ఏడు అంకెలతో అక్షాంశం, రేఖాంశం. పైన ‘మ్యాచ్ రేటు 100%’ అని రాసి ఉంది. చాలా సంతోషపడ్డాం.

మూడో రోజు ఒక నర్సు ఫోన్ చేసింది. “నేను మీరు చెప్పిన చోటే ఉన్నానండీ. ఇక్కడ ఇళ్లే లేవు, చుట్టూ పొలాలు” అంది. పేషెంటు ఇల్లు అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ రోజు ఆ పెద్దాయనకు కట్టు మార్చేసరికి సాయంత్రమైంది. ఒక్క అడ్రస్ తప్పు పడిందేమో అనుకున్నాం. మర్నాడు ఇంకో నర్సును ఇంకో పేషెంటు కోసం పంపితే, ఆమె కూడా సరిగ్గా అదే పొలం దగ్గరికి చేరింది. అప్పుడు మొదలైంది నాకు టెన్షన్.

ఫైలులోంచి వరస నంబరు, అక్షాంశం, రేఖాంశం మాత్రమే వేరే ఫైలుగా తీసి, ఒకే జంట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను:

```
cut -d, -f2,3 points.csv | sort | uniq -c | sort -rn | head -20
```

మొదటి వరసలోనే 212 అని వచ్చింది. అంటే వేరువేరు వీధుల్లో, వేరువేరు ఊళ్లలో ఉన్న 212 ఇళ్లు ఒకే చుక్క మీద ఉన్నాయి. ఆ చుక్క మా నర్సులు నిలబడ్డ పొలం. అది ఒక పోస్టల్ కోడ్ పరిధి మొత్తానికి మధ్య బిందువు. (అడ్రస్ మొత్తాన్ని ఈ ఫైలులోకి తేకుండా మూడు నిలువు వరసలే తీయడానికి కారణం ఉంది. అడ్రస్‌లోనే కామాలు ఉంటాయి, అవి ఉంటే ఈ కమాండ్ తప్పుడు గడులను తీస్తుంది.)

ఎందుకిలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను. జియోకోడర్ మనమిచ్చిన అడ్రస్‌ను ముక్కలు చేసి, ఇంటి నంబరు, వీధి, ఊరు, పోస్టల్ కోడ్‌లను తన డేటాలో వెతుకుతుంది. ఇల్లు దొరికితే ఆ ఇంటి చుక్క ఇస్తుంది. దొరక్కపోతే చాలా సర్వీసులు అక్కడితో ఆగవు, ఒక మెట్టు దిగుతాయి. వీధి దొరికితే వీధి మధ్య చుక్క, అదీ లేకపోతే పోస్టల్ కోడ్ మధ్య చుక్క, చివరికి ఊరి మధ్య చుక్క. వెతకడంలో అది తప్పేమీ కాదు, ఏ మెట్టు మీద దొరికిందో చెప్తే చాలు. మంచి సర్వీసులు చెప్తాయి కూడా. గూగుల్ జియోకోడింగ్ జవాబులో `location_type` అనే గడి ఉంటుంది. అందులో `ROOFTOP` అంటే ఇంటి స్థాయిలో దొరికింది, `RANGE_INTERPOLATED` అంటే వీధిలో అంచనా కట్టింది, `GEOMETRIC_CENTER` అంటే వీధి లేదా ప్రాంతం మధ్య బిందువు, `APPROXIMATE` అంటే సుమారుగా మాత్రమే. ఇంకా `partial_match` అని ఒకటుంది. అది `true` అయితే మనం అడిగిన అడ్రస్ పూర్తిగా దొరకలేదని, దగ్గరగా అనిపించినది ఇచ్చిందని అర్థం. ఇతర సర్వీసుల్లో పేర్లు వేరైనా ఈ సమాచారం ఏదో ఒక రూపంలో ఉంటుంది.

మాకు అమ్మినవాళ్లు చేసిందేమిటంటే, ఆ గడిని తీసేసి మిగతాది ఇచ్చారు. అడిగితే “మీరు చుక్కలు అడిగారు, చుక్కలు ఇచ్చాం, అన్నీ మ్యాచ్ అయ్యాయి” అన్నారు. వాళ్ల లెక్కలో మ్యాచ్ అంటే ఏదో ఒక జవాబు రావడం. ఊరి మధ్య చుక్క వచ్చినా మ్యాచే. గట్టిగా పట్టుబడితే, వారం తర్వాత ఆ గడి పంపారు. 6,400లో 3,910 మాత్రమే ఇంటి స్థాయివి. 1,120 వీధిలో అంచనా కట్టినవి, 540 వీధి మధ్యవి, 830 పోస్టల్ కోడ్ లేదా ఊరి మధ్యవి. 100% అంటే అర్థం ఇదీ.

ఏడు అంకెలు చూసి నమ్మడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత మూడో అంకె సుమారు 111 మీటర్లు, ఐదోది ఒక మీటరుకు కాస్త ఎక్కువ, ఏడోది ఒక సెంటీమీటరు. పోస్టల్ కోడ్ మధ్య బిందువును కూడా కంప్యూటర్ సెంటీమీటరు దాకా రాసేస్తుంది. కాబట్టి ఆ అంకెలను చూసి చుక్క ఎంత నిజమో చెప్పలేం.

వీధిలో అంచనా కట్టిన 1,120 సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వీటి తప్పు అంత తేలిగ్గా బయటపడదు. అన్నీ వేరువేరు చుక్కలే, అన్నీ సరైన వీధిలోనే కనిపిస్తాయి. మేము చూసిన ఒక వీధి ముక్క పొడవు 400 మీటర్లు. ఒకవైపు ఇళ్ల నంబర్లు 100 నుంచి 198 వరకు అని డేటాలో ఉంది. 150 నంబరు ఇల్లు అడిగితే జియోకోడర్ ఇలా లెక్క వేస్తుంది:

```
(150 - 100) / (198 - 100) * 400 = 204
```

అంటే వీధి మొదటి నుంచి 204 మీటర్ల దగ్గర చుక్క పెట్టింది. కానీ ఆ వైపు నిజంగా ఉన్న ఇళ్లు 100 నుంచి 150 వరకే. 198 అన్నది ఆ వీధికి కేటాయించిన ఆఖరి నంబరు మాత్రమే. కాబట్టి 150 నంబరు ఇల్లు వీధి చివర, 400 మీటర్ల దగ్గర ఉంది. తప్పు 196 మీటర్లు. కారులో వెళ్లేవాళ్లకు అదేమంత కాదు. మందుల సంచి మోసుకుని, ఎవరి తలుపు కొట్టాలో తెలియక నడిచే మనిషికి అది చాలా దూరం. ప్లాట్లు సమానంగా లేని చోట, నంబర్లు వరసలో పడని చోట ఈ లెక్క ఇంకా దారి తప్పుతుంది.

ఇక `ROOFTOP` అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొచ్చా అంటే, అదీ కాదు. ఒకే పేరుతో రెండు పేటల్లో వీధులు ఉంటే, పక్క పేటలోని అదే నంబరు ఇంటిని కచ్చితంగా చూపిస్తుంది. ఇల్లు కచ్చితం, మనిషి మాత్రం వేరే. దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. జియోకోడర్ తనకు దొరికిన అడ్రస్‌ను మాటల్లో తిరిగి ఇస్తుంది. మీ అడ్రస్‌లోని ఇంటి నంబరు, పోస్టల్ కోడ్ అందులో ఉన్నాయో లేదో పోల్చండి. పోస్టల్ కోడ్ మారితే ఆ వరసను పక్కన పెట్టి మనిషి చేత చూపించండి. మా 3,910లో ఇలా 61 దొరికాయి. వాటిలో కొన్నిటికి తప్పు మాదే. సున్నాతో మొదలయ్యే పోస్టల్ కోడ్‌లను మా స్ప్రెడ్‌షీట్ సంఖ్యలుగా తీసుకుని ముందు సున్నా తీసేసింది. పంపేముందు ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకోండి.

ఇవన్నీ కొన్న తర్వాత తెలిశాయి. ముందే చేయాల్సిన పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. మీకు తెలిసిన 100 ఇళ్లు తీసుకోండి. ఒక్కో ఇంటి గేటు దగ్గర, ఆకాశం కనిపించే చోట నిలబడి ఫోన్‌లో చుక్క రాసుకోండి. కొన్ని మీటర్ల తేడా వస్తుంది కానీ ఈ పనికి అది చాలు. పాత ఊరి మధ్య ఇళ్లే తీసుకోకండి, అవి ఎవరైనా బాగానే ఇస్తారు. శివార్లు, కొత్త కాలనీలు, పల్లెలు అందులో కచ్చితంగా ఉండాలి. ఆ 100 అడ్రస్‌లు అమ్మేవాళ్లకు ఇచ్చి, వాళ్ల చుక్కకూ మీ చుక్కకూ దూరం కొలవండి. సగం ఇళ్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నది ఒక్కటే చూడకండి. మేము ఆలస్యంగా ఈ పరీక్ష చేస్తే, సగం ఇళ్లు 18 మీటర్ల లోపే పడ్డాయి, వినడానికి బాగుంది. కానీ 11 ఇళ్లు కిలోమీటరు దాటి పడ్డాయి. మమ్మల్ని ఏడిపించింది ఆ 11 లాంటివే.

ఒకే చుక్క లెక్క కూడా ఆ 100 మీదే చేయొచ్చు. అపార్ట్‌మెంట్లు ఉంటే ఒకే చుక్క రావడం సహజం, భయపడక్కర్లేదు. వీధి పేర్లు వేరై చుక్క ఒకటైతేనే అనుమానించాలి. అక్షాంశం, రేఖాంశం తారుమారైతే చుక్కలు మ్యాప్ తెరిచిన వెంటనే సముద్రంలోనో ఇంకో ఖండంలోనో కనిపిస్తాయి, దాని గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. రెండూ సున్నా ఉన్న వరసలు కూడా వెతకండి. 0, 0 అంటే ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా సముద్రం, ఖాళీ గడిని సున్నాగా రాసిన గుర్తు.

ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి: ఏ మెట్టు మీద దొరికిందో చెప్పే గడి ఇవ్వాలి, దొరికిన అడ్రస్ మాటల్లో ఇవ్వాలి, ఇల్లు గానీ వీధి గానీ దొరకకపోతే ఊరి మధ్య చుక్క పెట్టకుండా ఖాళీగా వదిలేయాలి. మూడో మాటకు మాకు అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు, మ్యాచ్ రేటు పడిపోతుందని. ఎవరైనా మీతో అలా అంటే అక్కడే ఆగిపోండి.

డబ్బు మాకు తిరిగి రాలేదు. ఇప్పుడు మా ఫైలులో ఆ 830 గడులు ఖాళీగా ఉన్నాయి. నర్సు మొదటిసారి ఆ ఇంటికి ఫోన్ చేసి, దారి అడిగి వెళ్తుంది. గుమ్మం దగ్గర నిలబడి చుక్క తనే నమోదు చేస్తుంది. ఇప్పటికి 340 పూర్తయ్యాయి.